పని అయిపోయాక క్లయింటు ఖాతాలు అప్పగించడం ఎలా: ఒక తిరుపతి లాడ్జి ఉదాహరణతో

చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఫ్రీలాన్సర్లు చాలామంది పని ముగిసిన రోజు పాస్‌వర్డులన్నీ ఒక వాట్సాప్ మెసేజ్‌లో టైపు చేసి పంపేసి, అప్పగింత అయిపోయిందనుకుంటారు. క్లయింటుకూ అదే కావాలి. "అన్నీ ఒకచోట రాసిచ్చేయ్ సామీ, మా అమ్మాయి చూసుకుంటుంది" అంటాడు. కానీ తాళంచెవులు చేతికిచ్చినంత మాత్రాన ఇల్లు రాసిచ్చినట్టు కాదు. డొమైన్ మీ పేరుమీదే ఉంటుంది. జీమెయిల్ రికవరీ నంబరు మీ ఫోనుదే. గూగుల్ మ్యాప్స్‌లో ఆ వ్యాపారానికి ప్రధాన యజమానిగా కనిపించేది కూడా మీ ఖాతానే. రేపు మీ ఫోను పోయినా, మీరు బెంగళూరుకు ఉద్యోగానికి వెళ్ళి నంబరు మార్చినా, ఆ వ్యాపారి తన సొంత ఖాతాలోకి తానే వెళ్ళలేడు. ఏదైనా తేడా జరిగితే మొదటి అనుమానం వచ్చేదీ మీమీదే, ఎందుకంటే పాస్‌వర్డులు మీకూ తెలుసు కాబట్టి.

అందుకే అప్పగింతలో రెండు పనులున్నాయి. ఒకటి, లాగిన్ వివరాలను పాస్‌వర్డ్ వాల్ట్ ద్వారా అందించడం. రెండోది, ఒక్కో సేవలోకి వెళ్ళి అక్కడి రికార్డులో యజమానిని మార్చడం. మొదటిది చేస్తే రెండోది దానంతటదే జరగదు. ఈ రెంటినీ ఏ వరుసలో చేయాలో ఒక ఉదాహరణతో చెబుతాను.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక చిన్న లాడ్జి ఉందనుకుందాం. దానికి మీరు వెబ్‌సైటు చేశారు, రెండేళ్ళు చూసుకున్నారు. ఇప్పుడు మానుకుంటున్నారు. ఇకమీదట లాడ్జి యజమాని కూతురు చూసుకుంటుంది. మీ చేతిలో ఉన్నవి: లాడ్జి పేరుతో తెరిచిన జీమెయిల్, ఒక .com డొమైన్, హోస్టింగు, వర్డ్‌ప్రెస్ సైటు, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, అడ్వాన్సు డబ్బులు వచ్చే పేమెంట్ గేట్‌వే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

చివరి రోజుకు కనీసం పది రోజుల ముందు. ఇది జాగ్రత్త కోసం వేసుకున్న లెక్క కాదు. గూగుల్ రెండు చోట్ల ఏడు రోజుల గడువు పెడుతుంది, దాన్ని తొందరపెట్టే మార్గం లేదు. ఎక్కడెక్కడో వాటి దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను. తిరుపతిలో ఇంకో లెక్క కూడా చూసుకోండి. బ్రహ్మోత్సవాల వారంలోనో, వైకుంఠ ఏకాదశి ముందో డొమైన్‌ని కదపకండి. గదుల కోసం ఫోన్లు, బుకింగులు ముమ్మరంగా వచ్చే రోజుల్లో సైటు రెండు గంటలు ఆగినా ఆ లాడ్జికి నిజమైన నష్టం.

మొదటి రోజు ఒక కాగితంమీద ఖాతాలన్నీ రాయండి. ఒక్కోదానికి ఎదురుగా నాలుగు సంగతులుండాలి: ఏ మెయిల్‌తో లాగిన్ అవుతున్నాం, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది, ఖాతా ఎవరి పేరుమీద ఉంది, డబ్బులు ఎవరి కార్డునుంచి కడుతున్నాం. పాస్‌వర్డులు ఈ కాగితంమీద వద్దు. నాలుగు గడుల్లో ఎక్కడెక్కడ మీ పేరు, మీ నంబరు, మీ కార్డు కనిపిస్తాయో అవే మీరు చేయాల్సిన పనులు. మన లాడ్జి ఖాతాలు ఎనిమిదే అయినా, ఈ కాగితం రాసేటప్పుడు మరిచిపోయినవి ఇంకో రెండు మూడు బయటపడతాయి. బుకింగ్ ఫారం నుంచి మెయిళ్ళు పంపే సేవ ఒకటి ఉంటుంది, బ్యాకప్‌లు వెళ్ళే డ్రైవ్ ఫోల్డరు ఒకటి ఉంటుంది.

వాల్ట్ ఎవరు తెరవాలి

ఇక్కడ వాల్ట్‌గా బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజరును తీసుకుంటున్నాను. దాని ఉచిత ప్లానులోనే ఇద్దరు మనుషులు కలిసి వాడుకునే ఒక ఆర్గనైజేషన్ దొరుకుతుంది, మనకు కావాల్సింది సరిగ్గా అదే. దానికి పరిమితి ఇద్దరు సభ్యులు, రెండు కలెక్షన్లు. కలెక్షనంటే వాల్ట్‌లో ఒక అర అనుకోండి.

ఆ ఆర్గనైజేషన్‌ను మీరు తెరవకండి. యజమాని కూతురి చేత తెరిపించండి. మీరు తెరిస్తే మొదట దానికి ఓనర్ మీరే అవుతారు, తర్వాత ఆమెను ఓనర్‌గా చేసి మీరు తప్పుకోవాలి. పైగా ఒక మనిషి ఒక్క ఉచిత ఆర్గనైజేషన్‌కే ఓనర్‌గా ఉండగలరు, కాబట్టి రెండో క్లయింటుకు మీకు ఆ దారి మూసుకుపోతుంది. ఆమె తెరిస్తే మీరు మొదటినుంచీ అతిథే. చివర్లో ఆమె మిమ్మల్ని ఒక్క నొక్కుతో తీసేయవచ్చు.

ఆమె పక్కన కూర్చుని చేయించాల్సినవి ఇవి. ముందుగా తన సొంత మెయిల్‌తో బిట్‌వార్డెన్ ఖాతా తెరవాలి. లాడ్జి జీమెయిల్‌తో వద్దు, ఆ జీమెయిల్ పాస్‌వర్డే ఈ వాల్ట్‌లో ఉండబోతోంది కాబట్టి. మాస్టర్ పాస్‌వర్డును ఆమె స్వయంగా ఎంచుకోవాలి, టైపు చేసేటప్పుడు మీరు పక్కకు తిరగాలి. దాన్ని మరిచిపోతే కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు. వాల్ట్‌లోని సమాచారం ఆ పాస్‌వర్డుతోనే సంకేతంగా మారుతుంది, కంపెనీ దగ్గర ఆ పాస్‌వర్డు ఉండదు. అందుకని కాగితంమీద రాసి, ఇంటి పత్రాలుండే బీరువాలో పెట్టమనండి. రెండంచెల లాగిన్ పెట్టాక వచ్చే రికవరీ కోడు కూడా అదే కాగితంమీద రాయాలి.

తర్వాత ఆమె వెబ్‌లో `New organization` నొక్కి, ఉచిత ప్లాను ఎంచుకుని, లాడ్జి పేరు పెట్టాలి. అందులో రెండు కలెక్షన్లు చేయించండి. మొదటిదాని పేరు "అప్పగింత", రెండోదాని పేరు "లాడ్జి సొంతం". `Members` లోకి వెళ్ళి మీ మెయిల్‌కు ఆహ్వానం పంపి, `User` పాత్ర ఇచ్చి, "అప్పగింత" కలెక్షన్‌కు మాత్రమే `Edit items` అనుమతి ఇవ్వాలి. "లాడ్జి సొంతం" మీకు కనిపించనే కూడదు.

మీరు మెయిల్ తెరిచి ఆహ్వానం ఒప్పుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. ఆమె మళ్ళీ `Members` పేజీకి వచ్చి మీ పేరు పక్కన `Confirm` నొక్కాలి. అప్పుడు ఐదు ఇంగ్లిషు మాటల వరుస ఒకటి తెరమీద కనిపిస్తుంది. మీ ఖాతా సెట్టింగుల్లో ఉన్న ఫింగర్‌ప్రింట్ ఫ్రేజ్ కూడా అవే ఐదు మాటలైతేనే ఒప్పుకోవాలి. ఒప్పుకుంది నిజంగా మీరేనా, మధ్యలో వేరెవరైనా దూరారా అని తేల్చేది ఈ సరిపోల్చడమే. చాలామంది ఈ `Confirm` దగ్గర ఆగిపోయి "నాకేమీ కనిపించడంలేదే" అనుకుంటారు. ఆహ్వానం ఒప్పుకున్నాక కూడా వాల్ట్ ఖాళీగా కనిపిస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

ఇక ఎనిమిది ఖాతాల లాగిన్లనూ మీరు "అప్పగింత"లో పెట్టండి. అవి ఇప్పటికే మీ సొంత వాల్ట్‌లో ఉంటే `Assign to collections` ద్వారా ఆర్గనైజేషన్‌కు మార్చవచ్చు. అలా మార్చిన క్షణంనుంచి ఆ ఐటం ఆర్గనైజేషన్ ఆస్తి, దాన్ని మళ్ళీ మీ సొంతానికి వెనక్కి లాక్కోలేరు. మీ పాస్‌వర్డులు క్రోమ్‌లో ఉంటే మాత్రం ఎగుమతి చేయకుండా ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కించండి. క్రోమ్ ఇచ్చే సీఎస్‌వీ ఫైలులో మీ బ్యాంకు పాస్‌వర్డుతో సహా అన్నీ మామూలు అక్షరాల్లో ఉంటాయి, అది డౌన్‌లోడ్స్ ఫోల్డరులో నెలలతరబడి పడి ఉంటుంది.

రెండు కలెక్షన్లు ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఒక్కో ఖాతాకు యజమాని మారడం పూర్తవగానే, ఆమె ఆ ఐటంను "అప్పగింత" నుంచి తీసి "లాడ్జి సొంతం"లో పెడుతుంది. ఆ తర్వాతే కొత్త పాస్‌వర్డు తయారుచేసి అందులో భద్రపరుస్తుంది. ఈ వరుస తారుమారు కాకూడదు. పాస్‌వర్డు మార్చాక ఐటంను కదిపితే ఆ మధ్యలో కొత్త పాస్‌వర్డు మీకూ కనిపిస్తుంది. ఐటం రెండు కలెక్షన్లలోనూ ఉండిపోతే ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. "అప్పగింత" కలెక్షన్ ఖాళీ అయిన రోజు మీ పని ముగిసినట్టు. ఎంత మిగిలిందో ఇద్దరికీ తెరమీదే తెలుస్తుంటుంది, ఫోన్లు చేసి అడుక్కోవాల్సిన పని ఉండదు.

జీమెయిల్ మొదట

ఎనిమిదింటిలో లాడ్జి జీమెయిల్‌ను ముందు పట్టుకోవాలి, ఎందుకంటే మిగతా వాటిలో ఎక్కడ "పాస్‌వర్డు మరిచాను" నొక్కినా లింకు వచ్చేది ఇక్కడికే. దీన్ని వదిలేసి మిగతావన్నీ మార్చినా, ఈ పెట్టెలోకి వెళ్ళగలిగినవాడు మిగతా అన్నిటినీ తిరిగి తెరవగలడు.

ఈ పనిని ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని చేయండి. కొత్త ఫోనులో లాగిన్ అవుతుంటే గూగుల్ అనుమానించి పాత నంబరుకు కోడు పంపుతుంది, అది మీ ఫోను. ఆమె ఫోనులో లాగిన్ అయ్యాక `myaccount.google.com` లో సెక్యూరిటీ విభాగానికి వెళ్ళి రికవరీ ఫోను, రికవరీ మెయిల్ రెండూ ఆమెవి చేయండి. రెండంచెల ధృవీకరణలో మీ ఫోనును, మీ ఆథెంటికేటర్ యాప్‌ను తీసేసి ఆమెవి కొత్తగా చేర్చండి. ఆథెంటికేటర్‌ను పాత క్యూఆర్ కోడుతో ఆమె ఫోనుకు కాపీ చేస్తే సరిపోదు. అప్పుడు ఆమె ఫోనులో వచ్చే ఆరంకెలే మీ ఫోనులోనూ వస్తుంటాయి. పాతదాన్ని పూర్తిగా తొలగించి కొత్తది పెట్టాలి. బ్యాకప్ కోడులు కొత్తగా తీయించండి. గూగుల్ ఒకసారికి పది ఇస్తుంది, కొత్తవి తీయగానే పాతవి చెల్లవు. వాటిని ప్రింటు తీసి బీరువాలో పెట్టమనండి.

తర్వాత మీరు లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా, ఖాతాకు అనుసంధానించిన బయటి యాప్‌ల జాబితా చూసి, మీవి తీసేయించండి.

ఇంకోటి మిగిలింది, దీన్ని చాలామంది చూడరు. జీమెయిల్ సెట్టింగుల్లో `Forwarding and POP/IMAP`, `Accounts and Import`, `Filters and Blocked Addresses` అనే మూడు చోట్లకూ వెళ్ళండి. బుకింగ్ మెయిళ్ళు మీకూ రావాలని ఎప్పుడో ఫార్వర్డింగ్ పెట్టి ఉంటారు. పాస్‌వర్డు మార్చినా ఫార్వర్డింగ్ ఆగదు. లాడ్జికి వచ్చే యాత్రికుల పేర్లు, ఫోను నంబర్లు, ఒక్కోసారి ఆధార్ కాపీలు సహా ఆ తర్వాత కూడా మీ పెట్టెలోకి వస్తూనే ఉంటాయి. అవి మీకు రాకూడదు. వచ్చాయంటే దానికి జవాబు చెప్పాల్సింది మీరు.

మొదటి ఏడు రోజుల గడువు ఇక్కడే ఉంది. రికవరీ ఫోను మార్చినా, ఏడు రోజులపాటు గూగుల్ పాత నంబరుకు కూడా కోడు పంపే అవకాశం ఇస్తుంది. దొంగ ఎవరైనా నంబరు మారిస్తే అసలు మనిషి వెనక్కి తెచ్చుకోడానికి పెట్టిన వెసులుబాటు ఇది. కాబట్టి ఈ మార్పు చివరి రోజున చేస్తే ఆ తర్వాత వారంపాటు మీరు సగం లోపలే ఉన్నట్టు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

తిరుపతిలో ఒక లాడ్జికి వెబ్‌సైటు కంటే ఇదే ముఖ్యం అంటాను. బస్టాండులో దిగిన యాత్రికుడు ఫోను తీసి "దగ్గర్లో లాడ్జి" అని వెతుకుతాడు, ప్రొఫైల్‌లో ఉన్న నంబరుకు ఫోను చేస్తాడు. ఆ నంబరు మార్చగలిగిన మనిషి ఎవరన్నది యజమానికి పట్టాల్సిన విషయం.

ప్రొఫైల్‌ను లాడ్జి జీమెయిల్‌తోనే చేసి ఉంటే ఇక్కడ మార్చేదేమీ లేదు. కానీ మీ సొంత జీమెయిల్‌తో చేసి ఉంటే ఇలా చేయండి. గూగుల్‌లో ఆ ఖాతాతో లాగిన్ అయి వ్యాపారం పేరు వెతికి, మూడు చుక్కల మెనూలో `Business Profile settings`, అందులో `People and access` తెరవండి. లాడ్జి జీమెయిల్‌ను `Owner` గా చేర్చండి. వాళ్ళు మెయిల్‌లో ఒప్పుకోవాలి.

రెండో ఏడు రోజుల గడువు ఇది. కొత్తగా చేరిన ఓనర్‌కు మొదటి ఏడు రోజులూ ప్రధాన యాజమాన్యం బదిలీ కాదు. వాళ్ళు వేరే ఓనర్లను తీసేయలేరు కూడా. గడువు తీరాక మీరు మళ్ళీ అదే పేజీకి వెళ్ళి లాడ్జి ఖాతాను `Primary owner` గా మార్చి, ఆ తర్వాత మిమ్మల్ని మీరు తీసేసుకోవాలి. తొందరపడి వాళ్ళను మామూలు ఓనర్‌గా చేర్చి ఊరుకుంటే మీరు ప్రైమరీగా మిగిలిపోతారు. వాళ్ళ తెరమీద అన్నీ పనిచేస్తుంటాయి కాబట్టి ఎవరూ గమనించరు. జాబితాలో ఎవరి పేరు పక్కన `Primary owner` అని ఉందో చూస్తేనే తెలుస్తుంది.

సెర్చ్ కన్సోల్‌లో ఇలాంటి మెలికే ఇంకోటి ఉంది. మీ పేరు తీసేసినా, మీరు ధృవీకరణకు పెట్టిన హెచ్‌టీఎంఎల్ ఫైలో, డీఎన్ఎస్‌లోని టీఎక్స్‌టీ రికార్డో అలాగే ఉంటే మీరు మళ్ళీ ఓనర్‌గా ధృవీకరించుకోవచ్చు. లాడ్జి ఖాతాతో కొత్తగా ధృవీకరించాక మీ గుర్తును తొలగించండి.

డొమైన్: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

డొమైన్ మీ రిజిస్ట్రార్ ఖాతాలో, మీ పేరుమీద ఉంటే దానికి చట్టరీత్యా రిజిస్ట్రంట్ మీరే. దాన్ని వేరే రిజిస్ట్రార్‌కు ట్రాన్స్‌ఫర్ చేయాలని చూడకండి. అది రోజులు పడుతుంది, .com లాంటి వాటికి కొత్తగా నమోదైన లేదా ఇటీవలే మారిన డొమైన్‌పై సాధారణంగా 60 రోజుల తాళం ఉంటుంది. దానికంటే సులువు, ఆమె చేత అదే రిజిస్ట్రార్ దగ్గర ఒక ఖాతా తెరిపించి, మీ ఖాతానుంచి ఆమె ఖాతాకు డొమైన్‌ను నెట్టడం. చాలా రిజిస్ట్రార్ల దగ్గర దీనికి డొమైన్ సెట్టింగుల్లోనే వీలుంటుంది. ఆమె మెయిల్‌కు వచ్చిన అభ్యర్థనను ఒప్పుకుంటే మామూలుగా అదే రోజు అయిపోతుంది.

నెట్టే ముందు డీఎన్ఎస్ రికార్డులు రాసిపెట్టుకోండి. మీ కంప్యూటరులో ఈ రెండూ నడిపి ఫలితాన్ని దాచండి, `example.com` బదులు లాడ్జి డొమైన్ పెట్టండి:

```
dig NS example.com +short
dig MX example.com +short
```

నెట్టేటప్పుడు ప్రస్తుత డీఎన్ఎస్‌ను అలాగే ఉంచాలా అని అడిగితే ఉంచమనండి. కొన్ని చోట్ల ఆ గుర్తు పెట్టకపోతే నేమ్‌సర్వర్లు మొదటికొచ్చి సైటు బదులు ఖాళీ పేజీ వస్తుంది. అయ్యాక అవే రెండు ఆదేశాలు మళ్ళీ నడిపి పాత ఫలితంతో పోల్చండి. సైటు తెరుచుకుంటోంది కదా అని వదిలేయకండి. వెబ్ పనిచేస్తూ మెయిల్ మాత్రమే ఆగిపోయే సందర్భాలుంటాయి, అది రెండు రోజులు బుకింగులు రాకపోతేగానీ తెలీదు.

డొమైన్ ఆమె ఖాతాలోకి వచ్చాక రిజిస్ట్రంట్ వివరాల్లో పేరు, మెయిల్, చిరునామా లాడ్జి యజమానివి పెట్టించండి. ఖాతా మారినా ఈ వివరాలు పాతవే ఉండిపోవచ్చు. పేరు లేదా మెయిల్ మార్చినప్పుడు పాత, కొత్త మెయిళ్ళు రెంటికీ ధృవీకరణ రావచ్చు, మీకు వచ్చినదాన్ని మీరు ఒప్పుకోవాలి. చివరగా ఆటో-రెన్యువల్‌కు కార్డు. మీ కార్డు తీసేసి ఆమెది పెట్టించండి, గడువు తేదీని ఆమె ఫోను క్యాలెండరులో నెల ముందుకు పెట్టించండి. మీ కార్డు తీసేశాక కొత్తది పెట్టకపోతే డొమైన్ చడీచప్పుడు లేకుండా గడువు దాటుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. లాడ్జివాళ్ళు మీకు బాకీ ఉన్నా సరే, డొమైన్‌ను పట్టుకుని కూర్చోవద్దు. బాకీకి ఇన్‌వాయిస్ ఉంది, ఒప్పందం ఉంది. డొమైన్ వాళ్ళ పేరు, వాళ్ళ బోర్డుమీద ఉన్న పేరు.

సైటు, సోషల్ ఖాతాలు, డబ్బులు

వర్డ్‌ప్రెస్‌లో ఆమెకు అడ్మినిస్ట్రేటర్‌గా కొత్త యూజర్ చేయండి. `Settings` లో అడ్మిన్ మెయిల్ మార్చండి, కొత్త మెయిల్‌కు వచ్చే లింకు నొక్కేదాకా అది మారదు. మీ యూజర్‌ను తొలగించేటప్పుడు మీ పేరుతో ఉన్న పేజీలను ఏంచేయాలని అడుగుతుంది. `Attribute all content to` ఎంచుకుని ఆమె పేరు పెట్టండి. `Delete all content` నొక్కితే మీరు రాసిన గదుల పేజీలు, ధరల పేజీ అన్నీ పోతాయి. మీ యూజర్‌ను తొలగించే పని ఆమె లాగిన్‌నుంచే చేయించండి, ఆమె లాగిన్ పనిచేస్తోందో లేదో అప్పుడే తేలిపోతుంది. హోస్టింగులో ఎఫ్‌టీపీ యూజర్లు, సర్వరులో `~/.ssh/authorized_keys` లోని మీ కీ తీసేయండి. పాస్‌వర్డు మార్చినంత మాత్రాన ఆ కీ ఆగదు.

ఫేస్‌బుక్ పేజీ మీ బిజినెస్ పోర్ట్‌ఫోలియోలో ఉంటే, లాడ్జికి వేరే పోర్ట్‌ఫోలియో చేయించి పేజీ యాజమాన్యాన్ని అక్కడికి మార్చాలి. పేజీకి ఒక్క పోర్ట్‌ఫోలియోనే యజమాని. ఇన్‌స్టాగ్రామ్‌లో మెయిల్, ఫోను మార్చాక `Accounts Center` కూడా చూడండి. అది మీ సొంత ఫేస్‌బుక్ ఖాతాతో ముడిపడి ఉంటే విడదీయండి.

పేమెంట్ గేట్‌వే సంగతి వేరు. అది పాన్, బ్యాంకు ఖాతా, కేవైసీ ఆధారంగా తెరిచింది. యజమాని పాన్‌తో తెరిచి మీరు టీమ్ మెంబర్‌గా ఉంటే తప్పుకుంటే చాలు, తర్వాత ఏపీఐ కీలు కొత్తవి తీసి సైటులో పెట్టాలి. కానీ సౌకర్యం కోసం మీ పాన్‌తో తెరిచి, డబ్బు మీ ఖాతాలోకి వచ్చి మీరు వాళ్ళకు పంపుతుంటే, దాన్ని అప్పగించే దారే వెతకొద్దు. వాళ్ళ పేరుతో కొత్తది తెరిపించండి. కేవైసీ పూర్తయ్యేదాకా పాతది నడవనిచ్చి, మార్చిన రోజు ఆఖరి బుకింగు డబ్బు, రిటర్న్ ఇవ్వాల్సినవి లెక్కచూసి, మీది మూయండి. లాడ్జి రాబడి మీ పాన్‌మీద కనిపిస్తూ ఉండకూడదు.

చివరి రోజు

ఈపాటికి "అప్పగింత"లో ఒకటో రెండో మిగిలుంటాయి. వాటినీ కదిపించి, పాస్‌వర్డులు మార్పించండి. తర్వాత ఆమె ముందే మీరు పరీక్ష చేసి చూపించండి. మీ ఫోనులో ప్రైవేటు విండో తెరిచి ఒక్కో ఖాతాకు పాత పాస్‌వర్డు కొట్టండి, ఏదీ తెరుచుకోకూడదు. "పాస్‌వర్డు మరిచాను" నొక్కి, కోడు ఏ నంబరుకు పంపమంటారో చూడండి. చుక్కల మధ్య కనిపించే చివరి రెండంకెలు ఆమె ఫోనువై ఉండాలి. అక్కడే ఆగి బయటికి రండి. మీ నంబరు అంకెలు కనిపించిన చోట పని మిగిలినట్టే. ఈ ఒక్క పరీక్షలో కాగితంమీద దొరకని లోపం కూడా బయటపడుతుంది.

అన్నీ సరిగా ఉంటే ఆమె `Members` లో మీ పేరు తీసేస్తుంది. ఆ రెండో కుర్చీ ఖాళీ అవుతుంది, రేపు లాడ్జి మేనేజరుకో తర్వాతి ఫ్రీలాన్సరుకో ఇవ్వవచ్చు. మీ వైపు సొంత వాల్ట్‌లో ఉన్న పాత నకళ్ళను తొలగించండి. బిట్‌వార్డెన్‌లో తొలగించినవి 30 రోజులు `Trash` లో ఉంటాయి, అక్కడికీ వెళ్ళి శాశ్వతంగా తీసేయండి. క్రోమ్‌లో దాచినవి, వాట్సాప్‌లో ఎప్పుడో పంపుకున్నవి, నోట్స్‌లో రాసుకున్నవి కూడా. సైటు బ్యాకప్ మీ దగ్గర ఉంటే ఆమెకు ఒక కాపీ ఇచ్చి, మీది ఉంచుకోవాలా వద్దా అని అడిగి తీసుకున్న జవాబు రాసుకోండి, అందులో యాత్రికుల వివరాలుంటాయి.

మొదటి రోజు రాసిన కాగితాన్ని ఇప్పుడు శుభ్రంగా టైపు చేయండి. ఏ ఖాతా ఏ తేదీన ఎవరికి మారింది, రెన్యువల్ ఎప్పుడు, మీ అనుమతులు ఏ రోజుతో తీరాయి, ఇంతే. రెండు కాపీలు, రెంటిమీదా ఇద్దరి సంతకాలు. యజమాని అనుమతి లేకుండా ఒక కంప్యూటరు వ్యవస్థలోకి వెళ్ళడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. మీ అనుమతి ఏ రోజుతో ముగిసిందో సంతకంతో ఉండటం, తర్వాత ఏదైనా జరిగితే మీకే అండ.

నెల తిరక్కముందే ఫోను రావచ్చు. "సైటులో ధరలు మారలేదు సామీ, పాస్‌వర్డు పంపిస్తాను, ఒక్కసారి చూసిపెట్టు" అంటారు. పాస్‌వర్డు వద్దనండి. వర్డ్‌ప్రెస్‌లో మీ మెయిల్‌కు ఎడిటర్‌గా ఒక యూజర్ చేసి ఇమ్మనండి, పేజీలు మార్చడానికి అది సరిపోతుంది. పని అయిపోగానే ఆ యూజర్‌ను తీసేయమని గుర్తుచేయండి, తీసేశాక తెలపమనండి.